తీసుకోని అప్పుకు సెటిల్‌మెంట్ కట్టకండి, ముందు ఆ డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లిందో అడగండి

ప్రశ్న: నాది పలాస. ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగితే, నా పేరున సిబిల్‌లో రెండు రుణాలు బకాయి ఉన్నాయని బ్యాంకువాళ్లు పంపేశారు. నేను ఏనాడూ ఏ యాప్‌లోనూ అప్పు తీసుకోలేదు. రెండేళ్ల కిందట ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటుకు ఆధార్, పాన్ జిరాక్సులు, ఫొటోలు ఇచ్చాను. ఇప్పుడు రికవరీ వాళ్లు ఫోన్ చేసి, కొంత కట్టి సెటిల్ చేసుకోమంటున్నారు. కట్టేసి వదిలించుకోవడం మంచిదా?

జవాబు:

కట్టకండి, ఒక్క రూపాయి కూడా. బ్యాంకులో రుణాల విభాగంలో చాలాకాలం పనిచేశాను. రిటైరయ్యాక విజయనగరంలో ఇలాంటి కాగితాలు పట్టుకొని వచ్చేవారికి దరఖాస్తులు రాసిపెడుతున్నాను. వచ్చేవారిలో బాగా నష్టపోయేది భయపడి సెటిల్ చేసుకున్నవారే. సెటిల్ చేసుకుంటే ఆ ఖాతా మీ రిపోర్టులోంచి పోదు. మీ అప్పుగానే ఉండి, పక్కన "సెటిల్డ్" అని చేరుతుంది. గృహరుణం ఇచ్చే అధికారి కంటికి దాని అర్థం, ఈ మనిషి అప్పు పూర్తిగా కట్టలేదు, బేరమాడి కొంత తగ్గించుకున్నాడు అని. పైగా రేపు వ్యవహారం కోర్టుకు వెళితే, అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నారని చూపడానికి ఆ చెల్లింపు వారికి పనికొస్తుంది. మీకు కావలసింది రుణం ముగిసిందన్న ముద్ర కాదు. ఆ ఖాతా మీ పేరు మీద నుంచి పూర్తిగా తొలగిపోవాలి. ఈ తేడాను చివరిదాకా మనసులో పెట్టుకోండి. అవతలివారు మీతో మాట్లాడే ప్రతిసారీ రెండింటినీ కలిపేస్తారు.

ఒక విషయంలో మాత్రం ఊరట ఉంది. లైసెన్సు లేని దొంగ యాప్‌లు ఫోన్‌లో బెదిరించగలవు గాని సిబిల్‌లో పేరు ఎక్కించలేవు. మీ రిపోర్టులో ఆ రుణాలు కనిపిస్తున్నాయంటే, ఇచ్చింది రిజర్వ్ బ్యాంక్ అజమాయిషీ కింద ఉన్న బ్యాంకో, ప్రైవేటు ఫైనాన్స్ సంస్థో అయి ఉంటుంది. అంటే వారిని నిలదీయడానికి నియమాలున్నాయి, వారిపైన ఫిర్యాదు వినే చోటు ఉంది.

మొదట రిపోర్టు తెచ్చుకోండి. మన దేశంలో రుణ చరిత్ర ఉంచే సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీసుకోండి, ఎందుకంటే అప్పిచ్చిన సంస్థ నాలుగింటికీ వివరాలు పంపుతుంది. బ్యాంకు మీకు చూపించింది ఒకటే అయి ఉంటుంది. రిపోర్టు చేతికి రాగానే అందరూ స్కోరు చూస్తారు. మీరు దాన్ని వదిలేసి, మీ చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉన్న భాగం చూడండి. మీకు సంబంధం లేని నంబరు, మీరు ఎన్నడూ ఉండని ఊరి చిరునామా అక్కడ ఉంటే, చాలావరకు అవి దొంగ దరఖాస్తులో రాసినవే. తర్వాత ఎంక్వయిరీల భాగం చూడండి. మీ పేరున అప్పు కోసం ఎవరెవరిని ఎప్పుడు అడిగారో అక్కడ తేదీలతో ఉంటుంది. మీకు రెండు రుణాలే కనిపించినా, ఆ రోజుల్లో మరికొన్ని దరఖాస్తులు తిరస్కరణకు గురై ఉండవచ్చు. ఈ పేజీలన్నీ పీడీఎఫ్‌గా దాచి, ఒక ప్రింటు తీసుకోండి. రిపోర్టు సరిదిద్దాక ఆ నంబరు, ఆ చిరునామా కూడా మాయమైపోవచ్చు. పోలీసులకు ఇవ్వడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

ఇప్పుడు అప్పిచ్చిన సంస్థకు ఉత్తరం. ఫోన్‌లో వినిపించే యాప్ పేరు వేరు, రిపోర్టులో ఉన్న ఫైనాన్స్ సంస్థ పేరు వేరు కావచ్చు. యాప్ మధ్యవర్తి మాత్రమే. ఉత్తరం రిపోర్టులో ఉన్న సంస్థకే వెళ్లాలి. ఫిర్యాదుల అధికారి పేరు, ఈమెయిలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఈమెయిలుతో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపి, రసీదు దాచుకోండి.

ఆ ఉత్తరంలో ఏమి రాస్తారన్నదే ఈ వ్యవహారానికి గుండెకాయ. అందరూ "ఈ అప్పు నేను తీసుకోలేదు, దయచేసి తొలగించండి" అని రాస్తారు. దానికి "మా రికార్డుల ప్రకారం రుణం మీదే" అని రెండు ముక్కల జవాబు వస్తుంది. తీసుకోలేదని నిరూపించడం ఎవరికైనా కష్టమే. అందుకని మీరు నిరూపించే పనికి దిగకండి, చూపించమని అడగండి. దరఖాస్తు ఏ తేదీన, ఏ ఫోన్ నంబరుతో, ఏ ఈమెయిలుతో వచ్చింది? కేవైసీ ఎలా చేశారు, ఆధార్ ఓటీపీతోనా, వీడియోలోనా, జిరాక్సు చూసా? ఆ సమయంలో తీసిన సెల్ఫీ ఏది? ఒప్పందంపైన సంతకం ఎలా పడింది? అన్నిటికన్నా ముఖ్యంగా, డబ్బు ఏ బ్యాంకులో ఏ ఖాతాకు వెళ్లింది, ఆ బదిలీని గుర్తించే యూటీఆర్ నంబరు ఎంత? వాయిదాలు ఏ ఖాతా నుంచి తీసుకోవడానికి అనుమతి ఉంది?

డబ్బు ఖాతా గురించి అంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. యాప్‌ల ద్వారా ఇచ్చే రుణాలకు రిజర్వ్ బ్యాంక్ 2022లో నియమాలు పెట్టింది. వాటి ప్రకారం డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి, మధ్యలో యాప్ ఖాతాలోంచి గాని మూడో మనిషి ఖాతాలోంచి గాని పోకూడదు. కాబట్టి సంస్థ చెప్పే ఖాతా నంబరు మిమ్మల్ని కొన్ని దారుల్లో ఒకదానికి తీసుకెళుతుంది.

ఆ ఖాతా వేరే మనిషి పేరున ఉంటే పని సులువు. నియమం తప్పింది సంస్థే. ఆ మాట కాగితం మీద పెడితే, ఎక్కువ వాదన లేకుండా తొలగించేందుకు ముందుకు వస్తారు.

మీ పేరుననే ఉండి, మీరు ఎన్నడూ తెరవని ఖాతా అయితే, మీ పత్రాలతో దొంగ ముందు బ్యాంకు ఖాతా తెరిచి ఆ తర్వాత అప్పు తీసుకున్నాడన్నమాట. అప్పుడు ఆ బ్యాంకుకు కూడా విడిగా ఫిర్యాదు రాయాలి. ఖాతా స్తంభింపజేయమనండి, ఖాతా తెరిచిన దరఖాస్తు నకలు అడగండి, స్టేట్‌మెంట్ అడగండి. మీ పేరు మీద ఉన్న ఖాతా కాబట్టి అడిగే హక్కు మీకుంది. ఖాతా మీది కాదంటూనే దాని కాగితాలు అడుగుతారేమని కౌంటర్ దగ్గర వెటకారం చేసినవారిని నేను చూశాను. అక్కడ వాదించకుండా బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకోండి.

రిపోర్టులో దాన్ని వస్తువుల కొనుగోలు రుణంగా చూపిస్తే డబ్బు దుకాణానికి వెళ్లి ఉంటుంది, ఆ రకం రుణాల్లో అలా ఇవ్వడం అనుమతించిందే. అప్పుడు బిల్లు నకలు, దుకాణం పేరు, వస్తువు వివరాలు అడగండి. సెల్‌ఫోన్ కొన్నట్టయితే దాని ఐఎంఈఐ నంబరు బిల్లులో ఉంటుంది. ఆ ఫోన్‌లో ఏ సిమ్ పడిందో పోలీసులు దాన్ని బట్టి తెలుసుకోగలరు. నా లెక్కలో దొంగ దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ దారిలోనే.

ఇక నలుగురిలో చెప్పుకోలేనిది ఒకటుంది. డబ్బు మీ అసలు ఖాతాలోకే వచ్చి, అక్కడి నుంచి వెళ్లిపోయిందని తేలవచ్చు. ఆ తేదీ నాటి మీ పాసుబుక్కు చూడండి. అలాంటప్పుడు మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, ఎవరో దాన్ని చూశారు లేదా మీరే చెప్పారు. దాన్ని పత్రాల దొంగతనంగా రాస్తే సంస్థ ఒక్క స్టేట్‌మెంట్‌తో మీ మాట కొట్టేస్తుంది. ఇంట్లో ఎవరైనా మీ ఫోన్ వాడారేమో ముందే అడిగి తెలుసుకోండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చాక బావమరిది పేరు బయటపడితే మీకూ ఇబ్బందే, ఆయనకూ ఇబ్బందే.

ఒక కేసు చెబుతాను, ఇదంతా ఎలా నడుస్తుందో తెలుస్తుంది. రాజాం దగ్గరి ఊరి కుర్రాడు. పనికి తీసుకెళతానన్న మేస్త్రీకి ఆధార్, పాన్ జిరాక్సులు, నాలుగు ఫొటోలు ఇచ్చాడు. పని దొరకలేదు, కాగితాలు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ద్విచక్ర వాహనం రుణానికి వెళితే, 45,000 రూపాయల వ్యక్తిగత రుణం ఎగవేసినట్టు రిపోర్టులో ఉంది. సంస్థకు నేను పైన చెప్పిన ప్రశ్నలతో ఉత్తరం రాశాం. మొదటి జవాబులో రుణ ఒప్పందం మాత్రమే పంపారు, ఖాతా నంబరు గురించి ఒక్క మాట లేదు. మళ్లీ దాన్నే అడిగాం. ఫీజులు పోను 41,300 ఒక ఖాతాకు వెళ్లినట్టు తేలింది. ఖాతా అతని పేరుననే ఉంది, అప్పు మంజూరుకు కొద్ది రోజుల ముందే ఫోన్‌లో తెరిచారు. దానికి జతచేసిన మొబైల్ నంబరు, రిపోర్టులో కనిపించిన పరాయి నంబరు ఒకటే. డబ్బు వచ్చిన రోజే యూపీఐ ద్వారా బయటికి పోయింది. ఒప్పందంలో ఇంగ్లిషు సంతకం ఉంది. ఆ కుర్రాడు పాన్ కార్డు మీద సహా అన్నిచోట్లా తెలుగులోనే సంతకం చేస్తాడు. సెల్ఫీ అని పంపిన బొమ్మను పెద్దదిగా చేసి చూస్తే, పాస్‌పోర్టు సైజు ఫొటోను కెమెరా ముందు పట్టుకున్నారని అంచుల్లో మెరుపు బట్టి తెలిసిపోయింది. అదే ఫొటో అతని దగ్గర మరో ప్రతి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పంపాం. ఖాతా తెరిచిన బ్యాంకు ముందు తన తప్పు ఒప్పుకొని ఖాతా మూసేసింది. ఆ ఉత్తరం చూపాక ఫైనాన్స్ సంస్థ కూడా తొలగిస్తామంది. మూడు సంస్థల రిపోర్టుల్లో రుణం పోయింది. నాలుగోదానిలో మాత్రం "మూసివేసిన రుణం" అని మిగిలింది. దానికోసం మళ్లీ ఉత్తరాలు నడపాల్సి వచ్చింది.

మీ కేసులో ఆధార్ ఓటీపీతో కేవైసీ అయిందని సంస్థ అంటే కంగారుపడకండి. ఆధార్‌కు జతచేసిన పాత సిమ్‌ను మీరు ఎప్పుడైనా వదిలేశారా? వాడకుండా వదిలిన నంబరును టెలికాం సంస్థలు కొంతకాలం తర్వాత వేరొకరికి ఇస్తాయి. పనికోసం ఊళ్లు తిరిగే మనవారు సిమ్‌లు మార్చినంత తేలిగ్గా ఆధార్‌లో నంబరు మార్చరు. myaadhaar.uidai.gov.in లో మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూసుకోవచ్చు, కాని అది గడిచిన ఆరు నెలలకే. రెండేళ్ల కిందటి రుణానికి అక్కడ ఏమీ దొరకదు. ఇంకో మాట, మనిషిని చూడకుండా ఆధార్ ఓటీపీ ఒక్కదానితో ఇచ్చే రుణాలు ఏడాదికి 60,000 రూపాయలు మించకూడదు. మీ రుణం అంతకన్నా పెద్దదైతే వీడియో కేవైసీ గాని ముఖాముఖి పరిశీలన గాని జరిగి ఉండాలి. ఆ రికార్డు అడగండి.

సంస్థకు ఉత్తరం వెళ్లిన రోజే, నాలుగు రిపోర్టు సంస్థల వెబ్‌సైట్లలోనూ అభ్యంతరం నమోదు చేయండి. అక్కడ కారణం ఎంచుకునేటప్పుడు మొత్తం తప్పు, తేదీ తప్పు అని కాకుండా "ఈ ఖాతా నాది కాదు" అన్న దానినే ఎంచుకోండి. అయితే సిబిల్ తనంతట తాను ఏదీ తీసేయదు. అప్పిచ్చిన సంస్థను అడిగి, అది చెప్పినట్టు చేస్తుంది. ఉత్తరం పంపకుండా అభ్యంతరం ఒక్కటే పెడితే, అటువైపు గుమస్తా రికార్డు చూసి "సరిగానే ఉంది" అని ఒక్క బటన్ నొక్కుతాడు. చాలామంది ఆ జవాబు చూసి అంతటితో ఆగిపోతారు.

ఫిర్యాదు అందిన 30 రోజుల్లోపు పరిష్కరించాలి. 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. అందులో అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు, మిగతాది రిపోర్టు సంస్థకు. ఆలస్యం ఎవరివల్ల జరిగితే వారు కట్టాలి. ఆ సొమ్ముతో మీరు గోడ కూడా లేపలేరు గాని, ఆ నియమాన్ని ఉత్తరంలో ప్రస్తావిస్తే ఫైలు కదులుతుంది.

పోలీసు ఫిర్యాదు కోసం వీటన్నిటినీ ఆపకండి, రెండూ పక్కపక్కనే నడవాలి. cybercrime.gov.in లో నమోదు చేసి రసీదు సంఖ్య తీసుకోండి, అదే కాగితంతో స్టేషన్‌కు వెళ్లండి. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు అప్పుడే పోయినప్పుడు ఆపించడానికి. రెండేళ్ల కిందటి వ్యవహారంలో దాని నుంచి ఎక్కువ ఆశించవద్దు. ఫిర్యాదులో పరాయి ఫోన్ నంబరు, డబ్బు వెళ్లిన ఖాతా, యూటీఆర్ రాయండి. ఏజెంటుకు పత్రాలు ఇచ్చినట్టు వాట్సాప్ సందేశాలుంటే జత చేయండి. కాని "ఏజెంటే చేశాడు" అని తేల్చి రాయకండి, ఇచ్చిన సంగతి మాత్రం రాయండి. ఆ జిరాక్సులు అతని చేతి నుంచి ఎన్ని చేతులు మారాయో మీకు తెలియదు. ఇతరుల గుర్తింపు వివరాలు దుర్వినియోగం చేయడం ఐటీ చట్టం 66సీ కింద నేరం, వేరొకరిలా నటించి మోసం చేయడం భారతీయ న్యాయ సంహిత 319 కిందికి వస్తుంది. "ఆ కంపెనీ హైదరాబాదులో ఉంది, అక్కడికి వెళ్లండి" అంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తు చేయండి. అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదును శ్రీకాకుళంలోని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

సంస్థ కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లండి. cms.rbi.org.in లో నమోదు చేయాలి, ఫీజు లేదు, సందేహాలకు 14448. రిపోర్టు సంస్థల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. లాయరు ద్వారా పంపితే తీసుకోరు, మీ పేరుననే పంపాలి. ఇదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో ముందే కేసు వేసి ఉంటే కూడా తీసుకోరు. కాబట్టి వరుస ముఖ్యం: ముందు అంబుడ్స్‌మన్, అక్కడ తేలకపోతే కమిషన్. పోలీసు కేసు ఉండటం మాత్రం అడ్డు కాదు.

ఈలోగా రికవరీ వాళ్లు ఊరుకోరు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వారు ఫోన్ చేయకూడదు. మీ ఫిర్యాదు సంఖ్య చెప్పి, వారు ఏ ఏజెన్సీ అని అడిగి రాసుకోండి, అంతకుమించి మాట్లాడకండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే చింపి పారేయవద్దు, భయపడనూ వద్దు. వెళ్లి, ఈ అప్పు నాది కాదు, రాజీ అక్కర్లేదని చెప్పి రండి. అక్కడ "సగం కట్టండి, ఈరోజుతో అయిపోతుంది" అని కాగితం ముందుకు తోస్తారు. సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. తగవు తీర్చే మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్ పేరుతోనో కోర్టు నుంచో నోటీసు వస్తే మాత్రం గడువులోపు జవాబు తప్పనిసరి. లాయరు ఖర్చు భారమైతే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి.

చివరికి సంస్థ ఒప్పుకున్నాక వారు పంపే ఉత్తరం జాగ్రత్తగా చదవండి. "బకాయి లేదు" అని మాత్రం ఉంటే అది చాలదు, బాకీ తీర్చిన వాడికి కూడా అదే ఇస్తారు. ఈ రుణం మోసంతో తీసుకున్నదని, మీకు సంబంధం లేదని, నాలుగు రిపోర్టు సంస్థలకూ తొలగించమని చెప్పామని అందులో ఉండాలి. లేకపోతే తిప్పి పంపి మార్పించుకోండి. సంస్థలు ఇప్పుడు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపుతాయి. కాబట్టి ఆ ఉత్తరం వచ్చిన నెలకు మళ్లీ నాలుగు రిపోర్టులూ తీయండి, రెండోసారి కొద్దిగా డబ్బు కట్టవలసి వచ్చినా సరే. ఖాతాతో పాటు దొంగ ఎంక్వయిరీలు, పరాయి ఫోన్ నంబరు, పరాయి చిరునామా కూడా పోయాయో లేదో చూడండి. ఆ నంబరు మీ రిపోర్టులో మిగిలితే, అది మీదేనన్నట్టు మరో సంస్థ నమ్మే ప్రమాదం ఉంది.

ఈ పని నడుస్తుండగా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. sancharsaathi.gov.in లో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీవి కానివి రిపోర్టు చేయండి. ఇక మీదట ఎవరికైనా జిరాక్సు ఇవ్వాల్సి వస్తే, అది ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో అక్షరాల మీదుగా పెన్నుతో రాసి ఇవ్వండి.

గృహరుణానికి మాత్రం రిపోర్టులు శుభ్రమయ్యేదాకా మరో బ్యాంకులో దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ ఎంక్వయిరీగా చేరి స్కోరును ఇంకా కిందికి లాగుతుంది. మిమ్మల్ని పంపేసిన బ్యాంకు మేనేజరుకే మీ ఫిర్యాదు సంఖ్యలతో ఒక కాగితం ఇచ్చి ఉంచండి. సంస్థ ఉత్తరం రాగానే అదే ఫైలును మళ్లీ తెరిపించడం, కొత్తచోట మొదటి నుంచి చెప్పుకోవడం కన్నా తేలిక.